బొంగురు గొంతు 3 వారాలు దాటితే, స్వరపేటిక తీసేశాక మాట ఎలా

నమస్కారమండి. విశాఖ నుంచి, నేను స్పీచ్ థెరపిస్టుని. మొదటి సంగతి గబగబా చెప్పేస్తా. బీడీ, చుట్ట, సిగరెట్, ఏది తాగేవాళ్ళకైనా గొంతు బొంగురుపోయి 3 వారాలు దాటిందా, ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూస్తారు, అంతే. ఇదిగో, స్వరతంత్రి మీద ఈ తెల్ల మచ్చ చూడండి. ఇంత చిన్నదున్నా గొంతు మారిపోతుంది. ఇది క్యాన్సరే అయినా, ఇక్కడే దొరికితే రేడియేషన్‌తోనో లేజర్‌తోనో చాలామందికి నయమవుతుంది, గొంతూ మిగులుతుంది.

ఈయన జాలారిపేట పెద్దాయన, ఒప్పుకున్నాకే వీడియో తీస్తున్నా. ఉప్పుగాలి పడలేదనుకుని 4 నెలలు దగ్గుమందు తాగారు. చివరికి స్వరపేటిక మొత్తం తీసేశారు, ఆ తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు ఊపిరి మెడ మీది ఈ రంధ్రంలోంచే. నాలుక, పెదాలు బాగానే ఉన్నాయి, లేనిదల్లా శబ్దం.

ఆ శబ్దానికి దారులు మూడు. గాలి మింగి త్రేన్పులా వదలడం, నేర్చుకోడానికి నెలలు పడుతుంది. శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య చిన్న వాల్వు పెట్టించుకోవడం, మాట బాగుంటుంది గానీ కొన్ని నెలలకోసారి మార్చాలి. నీళ్ళు తాగగానే దగ్గొస్తే వాల్వు కారుతోందేమో చూపించుకోవాలి. మూడోది ఇదిగో, టార్చిలైటులా ఉంది కదా, ఎలక్ట్రోలారింక్స్. ఈయన దీన్నే ఎంచుకున్నారు.

బటన్ నొక్కితే ఈ మిషన్ తల అదురుతుంది. దవడ కింద ఆనించాలి. ఆగండి, నేను బోల్తా పడింది ఇక్కడే. రెండు వారాలు మెడ మీదే పెట్టించా. బయటకి జుయ్య్‌మని మోతే తప్ప మాట రాదు. ఆయన తప్పేం లేదు, రేడియేషన్‌కి మెడ చెక్కలా గట్టిపడింది, అదురు లోపలికి పోవట్లేదు. చేత్తో నొక్కి చూస్తే మొదటి రోజే తెలిసేది నాకు.

అందుకని బుగ్గ మీదకి మార్చాం. మిషన్ తల మొత్తం చర్మానికి ఆనాలి, అంచు లేస్తే మోత బయటికే. బటన్ నొక్కి, నోరు తెరిచి "ఆ" ఆకారం పెట్టండి. వేలెడు వేలెడు జరుపుతూ పోండి... ఇదిగో! మోత తగ్గి "ఆ" నోట్లోంచి వచ్చింది, విన్నారా? అక్కడ పెన్నుతో చుక్క పెట్టుకోండి. నేనైతే ఎడమచేత్తో పట్టిస్తా, కుడిచేయి పనికి ఖాళీగా ఉంటుంది.

ఊపిరి తోయకండి, మెడ రంధ్రంలోంచి బుస్సుమని మాటని మింగేస్తుంది. మాట మొదలయ్యేటప్పుడు నొక్కాలి, ఆగినప్పుడు వదలాలి.

ఇంకొకటి. మిషన్ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది కదా, అందుకని "ప" కాస్తా "బ", "క" కాస్తా "గ" అయిపోతాయి. ఈయన "కిలో" అంటే "గిలో" అని వినబడింది. పెదాలు బిగించి, నోట్లో ఉన్న గాలినే టప్పున వదిలితే "ప". "క"కి నాలుక వెనక భాగం అంగిలికి బిగించి అలాగే. పెద్దాయనా, ఒకసారి అనండి... "వంజరం కిలో ఎంత?" ఆ, మళ్ళీ. "కిలో."