గ్రిడ్‌లో అక్షరాలు ఎందుకు తెగుతున్నాయి? 34 పిక్సెళ్ల కథ

[స్క్రీన్ మీద: ఒకే పోస్టు రెండు చోట్ల. ఎడమవైపు ఫీడ్‌లో, కుడివైపు ప్రొఫైల్ గ్రిడ్‌లో.]

ఇన్‌స్టాగ్రామ్ పోస్టులో ఈ కవర్ స్లయిడ్ చూడండి. ఫీడ్‌లో "నిద్ర పట్టని రాత్రికి ఐదు ఉపాయాలు" అని శుభ్రంగా కనిపిస్తోంది. అదే ప్రొఫైల్‌లోకి వెళ్తే "నిద్ర"లో మొదటి అక్షరానికి ఎడమ అంచు ఎవరో కత్తిరించినట్టుంది. ఫైల్ ఒక్కటే, మనం ఏమీ మార్చలేదు. మరి ఎక్కడ తెగింది?

[స్క్రీన్ మీద: 1080 × 1350 దీర్ఘచతురస్రం, దాని మీద సన్నని 3:4 చట్రం.]

ఇన్‌స్టాగ్రామ్‌కి చాలామంది వాడే పోర్ట్రెయిట్ సైజు 1080 × 1350, అంటే 4:5. ప్రొఫైల్ గ్రిడ్ ఒకప్పుడు చదరంగా ఉండేది. 2025 జనవరిలో అది 3:4కి మారింది. 3:4 అంటే 4:5 కన్నా ఇంకాస్త సన్నం. 1350 ఎత్తుకి 3:4 వెడల్పు ఎంతో లెక్కేస్తే 1012 చిల్లర వస్తుంది. మన స్లయిడ్ వెడల్పు 1080. మిగిలిన 68 పిక్సెళ్లు గ్రిడ్‌లో కనబడవు. ఎడమవైపు 34, కుడివైపు 34 పోతాయి.

మన ఉదాహరణలో టైటిల్ ఎడమ అంచుకి 20 పిక్సెళ్ల దూరంలో మొదలైంది. గ్రిడ్ 34 కోసేసింది. అంటే మొదటి అక్షరంలో 14 పిక్సెళ్లు గల్లంతు. పోనీ 40 దూరంలో పెట్టారనుకోండి, తెగదు. కానీ అంచుకి 6 పిక్సెళ్లే మిగులుతాయి, అక్షరం గోడకి అతుక్కున్నట్టు కనిపిస్తుంది. నేనైతే పక్కలకి 100 వదులుతాను. కోత పోయాక కూడా 66 మిగులుతుంది, చూడ్డానికి ఊపిరాడుతుంది.

[స్క్రీన్ మీద: పాత చదరపు పోస్టు, రెండు పక్కలా ఎర్ర పట్టీలు.]

పాత చదరపు పోస్టుల పరిస్థితి ఇంకా ఘోరం. 1080 × 1080 స్లయిడ్‌లో గ్రిడ్‌కి కనిపించేది మధ్యలోని 810 మాత్రమే. ఒక్కో పక్క 135 పోతుంది. మీ పాత పోస్టుల్లో మాటలు సగంలో ఆగినట్టుంటే కారణం ఇదే. వాటన్నిటినీ తీసి మళ్లీ పెట్టే పని మాత్రం పెట్టుకోకండి, అంత అవసరం లేదు.

[స్క్రీన్ మీద: క్యాన్వాస్ ఎత్తు 1350 నుంచి 1440కి పెరుగుతుంది.]

కొత్తగా చేసేవాళ్లకి సులువైన దారి ఉంది. ఇప్పుడు 3:4 పోస్టులు నేరుగా పెట్టొచ్చు, సైజు 1080 × 1440. గ్రిడ్ ఆకారం, స్లయిడ్ ఆకారం ఒకటే కాబట్టి పక్కల కోత ఉండదు. మీ దగ్గర 4:5 టెంప్లేట్ ఉంటే దాన్ని సాగదీయకండి, అక్షరాలు పొడుగైపోతాయి. క్యాన్వాస్ ఎత్తు మాత్రం 90 పెంచి, పైన 45, కింద 45 బ్యాక్‌గ్రౌండ్ రంగుతో నింపండి. టెక్స్ట్ ఉన్నచోటే ఉంటుంది.

ఇక్కడ తెలుగుకి ఒక చిన్న మెలిక ఉంది. టైటిల్ స్లయిడ్ అడుగున పెడితే, దూరాన్ని అక్షరం కింది గీత నుంచి కాదు, ఒత్తు అడుగు నుంచి కొలవండి. "నిద్ర"లో ర ఒత్తు, "పట్టని"లో ట ఒత్తు కిందికి దిగుతాయి. డిజైన్ యాప్‌లో లైన్ల మధ్య దూరం మరీ తగ్గిస్తే, పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడతాయి. ఇది క్రాప్ తప్పు కాదు, కానీ చిన్న గ్రిడ్‌లో చూస్తే తెగినట్టే అనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: ఒక కరౌసెల్‌లో మొదటిది చదరం, మిగతావి పోర్ట్రెయిట్.]

రెండో ప్రమాదం స్లయిడ్ల మధ్యే ఉంటుంది. కరౌసెల్‌లో, అంటే వేలితో జరుపుతూ చూసే పోస్టులో, మొదటి స్లయిడ్ ఆకారమే మిగతావాటికీ వర్తిస్తుంది. మొదటిది చదరంగా ఉండి, తర్వాతివి 1350 ఎత్తున్నాయనుకోండి. ఒక్కోదానిలో పైన 135, కింద 135 ఎగిరిపోతాయి. హెడ్డింగ్, చివరి లైను రెండూ పోతాయి. అందుకే స్లయిడ్లన్నీ ఒకే సైజులో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫోటోలు ఎంచుకునే తెర మీద మూలన క్రాప్ గుర్తు ఉంటుంది. యాప్ తనంతట తానే చదరానికి కోసిందేమో అక్కడే చూసుకోండి, పోస్టు పడ్డాక సరిదిద్దలేరు.

ఇక కుడి పై మూల. అక్కడ "1/7" అనే అంకె కాసేపు కనిపించి మాయమవుతుంది. ఆ మూలన లోగోనో, పేజీ నంబరో పెడితే రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఆ మూల ఖాళీగా వదిలేయండి.

[స్క్రీన్ మీద: స్లయిడ్లు ఒక్కొక్కటిగా జరుగుతాయి, టెక్స్ట్ ఎడమ అంచు కదలదు.]

గ్రిడ్‌లో కనిపించేది కవర్ ఒక్కటే కదా, లోపలి స్లయిడ్లకి 100 మార్జిన్ దేనికి అని అడగొచ్చు. కోత విషయంలో నిజమే, అవసరం లేదు. కానీ కవర్‌లో 100, రెండో స్లయిడ్‌లో 40 పెడితే, వేలితో జరిపిన ప్రతిసారీ టెక్స్ట్ పక్కకి గెంతినట్టుంటుంది. అందుకే నేను అన్నిటికీ ఒకే గీత గీసుకుంటాను.