దిరియా ఒప్పందం: రెండు షరతులు, మధ్యలో ఖర్జూర పంట పన్ను

(పాల్గొన్నవారు: చరిత్ర అధ్యాపకుడు, అరబిక్ ఆచార్యురాలు, రియాద్‌లో చాలాకాలం పనిచేసిన తెలుగు పాత్రికేయుడు)

యాంకర్: నమస్కారం. సౌదీ అరేబియా అనగానే మనకు చమురు గుర్తొస్తుంది. ఈరోజు చమురు దొరకడానికి దాదాపు రెండు వందల ఏళ్ల వెనక్కి వెళ్దాం. 1744 ప్రాంతంలో నజ్ద్ ఎడారిలోని దిరియా అనే ఊళ్లో మతపండితుడు మహమ్మద్ బిన్ అబ్దుల్ వహాబ్, ఆ ఊరి అమీరు మహమ్మద్ బిన్ సౌద్ చేతులు కలిపారు. మాస్టారూ, ఆ పండితుడు దిరియాకే ఎందుకు వచ్చారు?

అధ్యాపకుడు: వచ్చారనడం మర్యాదకండీ. అంతకుముందున్న ఊరి నుంచి పంపించేస్తే వచ్చారు. ఆయన 1703లో ఉయైనాలో పుట్టారు. వాళ్లది సున్నీల నాలుగు న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన హంబలీ న్యాయశాస్త్రం చదివిన ఇల్లు. తండ్రి ఖాజీ, తాత పేరున్న పండితుడు. మదీనాలో, బస్రాలో చదువుకుని తిరిగొచ్చాక, సమాధుల దగ్గర మొక్కుకోవడం, చెట్లకు ముడుపులు కట్టడం ఏకేశ్వరారాధనకు విరుద్ధమని ప్రచారం మొదలుపెట్టారు. ఉయైనా అమీరు ఉస్మాన్ బిన్ ముఅమ్మర్ మొదట్లో ఆయన వెనకే నిలబడ్డాడు. జుబైలాలో ప్రవక్త సహచరుడు జైద్ బిన్ ఖత్తాబ్ సమాధిపై ఉన్న గుమ్మటాన్ని కూలగొట్టడానికి వెళ్లినప్పుడు మనుషుల్ని వెంటబెట్టుకుని తనూ వెళ్లాడు.

యాంకర్: మరి అంత అండగా ఉన్నవాడు ఎందుకు వదిలేశాడు?

అధ్యాపకుడు: డబ్బు. తూర్పున అల్ హసా ప్రాంతం బనూ ఖాలిద్ తెగ చేతిలో ఉండేది. ఉయైనా అమీరుకు ఏటా వచ్చే రాబడిలో కొంత అక్కడి నుంచే. ఇతన్ని వదిలించుకోకపోతే ఆ రాబడి ఆపేస్తానని బనూ ఖాలిద్ నాయకుడు సులైమాన్ కబురు పంపాడు. ఉస్మాన్ లెక్కలు చూసుకుని, షేక్ గారిని దయచేయమన్నాడు. దిరియా దగ్గర్లోనే ఉంది. ఉయైనా కంటే చిన్న ఊరు, అల్ హసా మీద అంతగా ఆధారపడినదీ కాదు. బెదిరింపు పనిచేయాలంటే పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!

యాంకర్: దిరియాలో అమీరు భార్యే ఆయన్ని ఆహ్వానించమని చెప్పిందంటారు. నిజమేనా మేడం?

ఆచార్యురాలు: ఆవిడ పేరు మూదీ. షేక్ గారు దిరియాలో తన శిష్యుడు ఇబ్న్ సువైలిం ఇంట్లో దిగారు. అమీరు తమ్ముళ్లు ముందుగా మూదీతో మాట్లాడితే, ఆవిడ భర్తతో, ఇతన్ని దేవుడే మీ దగ్గరకు పంపాడు, ఈ అవకాశం వదులుకోకండి అన్నదట. అమీరు స్వయంగా ఆ ఇంటికి నడిచి వెళ్లాడు. తర్వాత రెండు షరతులు పెట్టాడు. మొదటిది: మేం మీకు అండగా నిలిచి గెలిచాక, మమ్మల్ని వదిలి వేరే ఊరికి పోకూడదు. రెండోది: పంట చేతికొచ్చినప్పుడు ఊరివాళ్ల దగ్గర నేను కొంత వసూలు చేస్తాను, దాన్ని మీరు కాదనకూడదు.

పాత్రికేయుడు: రెండోది వినగానే నాకు నవ్వొస్తుంది. ధర్మం గురించి మాట్లాడటానికి కూర్చుని, ఖర్జూరపు గెలల దగ్గరికొచ్చారు!

ఆచార్యురాలు: నవ్వకండి సార్, అసలు బేరం అక్కడే ఉంది. మొదటిదానికి షేక్ గారు ‘నెత్తురుకు నెత్తురు, కూల్చివేతకు కూల్చివేత’ అని మాటిచ్చారు. మీ శత్రువు నా శత్రువు, మీ ఇల్లు కూలితే నా ఇల్లు కూలినట్టే అని దానర్థం. రెండోదానికి అవునూ అనలేదు, కాదూ అనలేదు. దేవుడు విజయాలిస్తే అంతకంటే మేలైనది దొరుకుతుంది అన్నారు.

యాంకర్: ఇదంతా అప్పుడే ఎవరైనా రాసిపెట్టారా?

ఆచార్యురాలు: ఇంత వివరంగా చెప్పింది ఇబ్న్ బిష్ర్. ఆయన 19వ శతాబ్దపు చరిత్రకారుడు, అంటే సంఘటన జరిగి చాలాకాలమైంది. పైగా ‘నెత్తురుకు నెత్తురు’ అన్న మాట మక్కా దగ్గర అఖబా ప్రమాణంలో ప్రవక్త మదీనా వాళ్లతో అన్నట్టు ప్రవక్త జీవితచరిత్రల్లో ఉంది. గెలిచాక మమ్మల్ని వదిలి వెళ్తావా అన్న ప్రశ్న కూడా అక్కడిదే. దిరియాను ఇంకో మదీనాగా చూపించాలని చరిత్రకారుడు అనుకుని ఉండొచ్చు. లేదా ఆ ఇద్దరూ అఖబాను గుర్తుపెట్టుకునే ఆ మాటలు అనుకుని ఉండొచ్చు. మొదటి షరతు మీద నాకు ఈ అనుమానం ఉంది. పన్ను షరతు మీద లేదు. దానికి అఖబాలో పోలిక లేదు, పైగా అమీరుకు అంత గౌరవం తెచ్చే మాటా కాదు. కల్పించి రాసేవాడు అలాంటిది ఎందుకు చేరుస్తాడు?

యాంకర్: బాగుంది. ఆ ‘మేలైనది’ ఏంటి మాస్టారూ?

అధ్యాపకుడు: రెండు రకాల రాబడి. ఒకటి జకాత్. వానపంట మీద పదో వంతు, బావి నీళ్లు తోడి పండించిన పంట మీద ఇరవయ్యో వంతు. దిరియా లాంటి చోట పశువులతో మోట తోలాల్సిందే కాబట్టి ఎక్కువగా ఇరవయ్యో వంతే. ఇది అమీరు సొంతంగా విధించుకున్న పన్ను కాదు, మతమే చెప్పింది. అందుకే ఎగ్గొట్టినవాడు అమీరుకే కాదు, ధర్మానికీ ఎదురుతిరిగినట్టు అవుతుంది. ఇంకొకటి యుద్ధంలో దొరికే సొమ్ము. అందులో అయిదో వంతు పాలకుడికి, మిగతాది పోరాడినవాళ్లకి. నజ్ద్‌లో ఒక ఊరి మీద ఇంకో ఊరు దాడి చేయడం కొత్తేం కాదు. తమ పిలుపును ఒప్పుకోని పొరుగు ముస్లింలతో చేసే పోరాటాన్ని జిహాద్ అన్నారు, అదీ కొత్త. ఓడిన ఊరు అప్పటికప్పుడు దోపిడీకి గురికావడంతో కథ ముగిసేది కాదు. అక్కడ ఖాజీని పెట్టేవారు, ఏటా జకాత్ వచ్చేది.

పాత్రికేయుడు: దీన్ని షేక్ గారి సొంత సోదరుడే వ్యతిరేకించాడు కదా?

అధ్యాపకుడు: సోదరుడు సులైమాన్. హురైమిలాలో ఖాజీ. నమాజు చేసే ముస్లింలను అవిశ్వాసులని ముద్రవేసి చంపడానికి నీకు అధికారం ఎక్కడిదని రాశాడు. అదీ హంబలీ గ్రంథాల నుంచే ఉదాహరణలు తీసి! ఈ ఉద్యమానికి తొలి గట్టి విమర్శ బయట నుంచి కాదు, ఇంట్లోంచే వచ్చింది. ఉయైనా అమీరు ఉస్మాన్ ఆ తర్వాత ఒప్పందంలో చేరాడు గానీ, ద్రోహి అన్న అనుమానంతో అతన్ని 1750లో శుక్రవారం నమాజు అయ్యాక మసీదులోనే చంపేశారు.

యాంకర్: అంటే విజయం అంత తేలిగ్గా రాలేదన్నమాట.

అధ్యాపకుడు: రియాద్ పక్కనే ఉంది కదా. అక్కడి పాలకుడు దహ్హాం బిన్ దవ్వాస్ దాదాపు 27 ఏళ్లు లొంగలేదు. 1773లో ఊరొదిలి పారిపోయాడు. అప్పటికి అమీరు మహమ్మద్ బిన్ సౌద్ 1765లోనే పోయాడు, కొడుకు అబ్దుల్ అజీజ్ గద్దె మీద ఉన్నాడు. రియాద్ పడ్డాక షేక్ గారు పాలనా వ్యవహారాలు అతనికే వదిలేసి చదువు, ఆరాధనలతో గడిపి 1792లో చనిపోయారు. ఆ దశాబ్దంలోనే, ఒకప్పుడు ఆయన్ని వెళ్లగొట్టించిన అల్ హసా కూడా దిరియా చేతికొచ్చింది.

యాంకర్: మన హైదరాబాద్‌లోనూ 1839లో, షేక్ గారి పేరు మీదుగా వచ్చిన మాటతోనే, వహాబీ కుట్ర అన్నారు. దానికీ దీనికీ సంబంధముందా?

ఆచార్యురాలు: పేరు ఒకటే, సంస్థ ఒకటి కాదు. నిజాం నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలాను గోల్కొండలో నిర్బంధించింది రాయ్‌బరేలీ సయ్యద్ అహ్మద్ అనుచరులతో చేతులు కలిపాడన్న ఆరోపణ మీద. ఆ ఉద్యమం 18వ శతాబ్దపు ఢిల్లీ పండితుడు షావలీయుల్లా సంప్రదాయంలోంచి వచ్చింది. తమను ఇబ్బంది పెట్టిన ప్రతి ముస్లిం సంస్కర్తకూ బ్రిటిష్ అధికారులు అదే పేరు తగిలించారు.

యాంకర్: చివరగా, ఇప్పటి సౌదీలో ఈ ఒప్పందాన్ని ఎలా చూస్తున్నారు?

పాత్రికేయుడు: 2022లో రాజు ఆజ్ఞతో ఫిబ్రవరి 22ను వ్యవస్థాపక దినంగా ప్రకటించారు. అక్కడ లెక్కపెట్టేది 1727 నుంచి, అంటే మహమ్మద్ బిన్ సౌద్ దిరియా అమీరైన ఏడాది నుంచి. చాలాకాలం పుస్తకాల్లో మొదటి సౌదీ రాజ్యం 1744తో మొదలయ్యేది. ఈ పదిహేడేళ్ల మార్పుతో రాజ్యం పుట్టుకలోంచి షేక్ గారు తప్పుకున్నట్టయింది.

అధ్యాపకుడు: తేదీ మార్చుకోవడం వాళ్లిష్టం. కానీ 1727లో దిరియా నజ్ద్‌లోని పది ఊళ్లలో ఒకటి. పక్క ఊరి నుంచి ఏటా పన్ను వసూలు చేసుకునే హక్కు దానికి అప్పటికి లేదు.

పాత్రికేయుడు: అలాగని షేక్ గారొక్కరే రాజ్యం కట్టారా? ఉయైనాలో అదే మాట చెబితే ఏమైందో మీరే చెప్పారుగా మాస్టారూ!