"నో సపోర్ట్స్" అని రాశారు, నమ్మొచ్చా? టేబుల్ క్లాంప్ హెడ్‌ఫోన్ హుక్ రివ్యూ

హలో అండీ. ముందు చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. ఈ వీడియోలో కనిపించే, 3డీ ప్రింటర్‌కి వాడే పీఈటీజీ ప్లాస్టిక్ రీలు ఒక ఫిలమెంట్ కంపెనీ ఉచితంగా పంపింది. మోడల్‌తో వాళ్లకి సంబంధం లేదు, నేను ఇప్పుడు మాట్లాడబోయేది మోడల్ గురించే.

మోడల్ మీరు చూసే ఉంటారు. టేబుల్ అంచుకి కింద నుంచి బోల్టుతో బిగించే హెడ్‌ఫోన్ హుక్. మూడు ముక్కలు: రెండు దవడలు, వాటిని కలిపే వెన్నుతో సీ ఆకారంలో ఉన్న బాడీ, లావు బోల్టు, బోల్టు కొసకి తగిలించే చిన్న బిళ్ల. కొలతలన్నీ మోడల్ పేజీలో ఉన్నాయి, అవి మళ్లీ చదవను. పేజీలో పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంది చూడండి, "నో సపోర్ట్స్ నీడెడ్", అంటే గాల్లో వేలాడే భాగాల కింద తాత్కాలికంగా ప్రింట్ చేసే ఆధారాలు అక్కర్లేదని. ఈ వీడియో అంతా ఆ ఒక్క మాట మీదే.

ముందు ఫొటోలు. మొదటి నాలుగూ కంప్యూటర్‌లో చేసిన రెండర్లు. నున్నగా, మెరుస్తూ, ఎక్కడా లేయర్ గీత లేకుండా ఉన్నాయి. వాటిలో మనకి పనికొచ్చేది ఏమీ లేదు. కింద వేరేవాళ్లు ప్రింట్ చేసి పెట్టిన ఫొటోలు తెరవండి. అక్కడ చూడాల్సింది రంగు కాదు, లేయర్ గీతలు ఎటు పోతున్నాయో అది. ఈ ఫొటోలో గీతలు సీ ఆకారం వెంట వంపు తిరుగుతున్నాయి, అంటే బాడీని పక్కకి పడుకోబెట్టి ప్రింట్ చేశారు. ఈ ఇంకో ఫొటోలో గీతలు వెన్నుకి అడ్డంగా ఉన్నాయి, అంటే నిలబెట్టి చేశారు. అదే ఫొటోలో లోపలి మూల దగ్గర సన్నటి తెల్ల గీత కనిపిస్తోందా? అది లైటు మెరుపు కాదండీ, పగులు మొదలైంది.

ఇప్పుడు ఫైలు తెరుద్దాం. ఎస్‌టీఎల్ ఫైల్లో ఆకారం తప్ప ఇంకేమీ ఉండదు. యూనిట్లు ఉండవు, ఎలా పడుకోబెట్టాలో ఉండదు, ఎన్ని గోడలు వెయ్యాలో ఉండదు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఎలా ఉంటే అలాగే ప్రింటర్ బెడ్ మీదకి వస్తుంది. ఇక్కడ వచ్చింది ఎలా? నిలువుగా! కింది దవడ బెడ్ మీద, వెన్ను పైకి, పై దవడ గాల్లో. "నో సపోర్ట్స్" అని రాసినాయన పక్కకి పడుకోబెట్టే రాసి ఉంటాడు, కానీ ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. నాకు చిరాకు తెప్పించేది ఇదే. ఒక్క 3ఎంఎఫ్ ఫైలు పెడితే పడక, సెట్టింగులు అన్నీ దాంతోపాటే వచ్చేవి కదా.

సరే, వచ్చినదాన్ని వచ్చినట్టే స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో స్లైస్ చేసి, అంటే లేయర్లుగా కోసి, ప్రివ్యూలో స్లైడర్‌ని కింద నుంచి మెల్లగా పైకి జరపండి. కింది దవడ వచ్చింది, మధ్యలో బోల్టు రంధ్రం. వెన్ను లేస్తోంది. ఇక్కడ హుక్ చెయ్యి బయటికి పొడుచుకొచ్చింది, దాని కింద ఏమీ లేదు. ఇంకొంచెం పైకి వెళ్తే పై దవడ మొదలయ్యే లేయర్. 45 మిల్లీమీటర్ల పొడవు, ఒక్క చివర మాత్రమే వెన్నుకి అంటుకుని ఉంది. రెండు చివర్లా ఆధారం ఉంటే దాన్ని బ్రిడ్జి అంటాం, దారం సాగదీసినట్టు ప్లాస్టిక్ నిలబడిపోతుంది. ఒక చివర ఖాళీగా ఉంటే అది బ్రిడ్జి కాదు, ఫిలమెంట్ కిందకి వేలాడి నూడుల్స్ అవుతుంది.

"అయితే సపోర్టులు పెట్టేద్దాం" అంటారా? ఆటో సపోర్ట్ నొక్కి మళ్లీ చూడండి. పై దవడ కింద ఖాళీ అంతా సపోర్టే. "బెడ్ మీద నుంచి మాత్రమే" అని పెట్టినా బోల్టు రంధ్రం కిందిదాకా తెరిచే ఉంది కాబట్టి ఆ రంధ్రం లోంచే ఒక స్తంభం లేస్తోంది. థ్రెడ్ల మధ్య ఇరుక్కున్న సపోర్టుని గీకి తీయడం కంటే కొత్త బాడీ ప్రింట్ చేసుకోవడం నయం.

అంతా శుభ్రంగా తీశారనే అనుకుందాం. అప్పుడు కూడా ఈ పడక పనికిరాదు. బోల్టు బిగిస్తే రెండు దవడలూ విడిపోవాలని చూస్తాయి. ఆ లాగుడంతా వెన్ను లోపలి వైపు, మూల దగ్గర పడుతుంది. నిలబెట్టి ప్రింట్ చేస్తే ఆ లాగుడు నేరుగా లేయర్ల మధ్య అతుకుని విడదీస్తుంది. ప్రింట్‌లో బలహీనమైన చోటు ఎప్పుడూ ఆ అతుకే. పైగా ఈ డిజైనర్ ఆ మూలని గుండ్రంగా చెయ్యకుండా లంబకోణంలో వదిలేశాడు, ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది. ఇందాక ఫొటోలో చూసిన తెల్ల గీత అక్కడే ఉంది, గుర్తుందా?

కాబట్టి పక్కకి పడుకోబెట్టాలి. స్లైసర్‌లో "ప్లేస్ ఆన్ ఫేస్" తీసుకుని చదునైన పక్క ముఖాన్ని నొక్కండి. ఇప్పుడు ప్రతి లేయరూ పూర్తి సీ ఆకారమే, హుక్ చెయ్యి, దాని కొస వంపు కూడా అందులోనే ఉంటాయి. గాల్లో వేలాడేది ఏదీ లేదు. ఫిలమెంట్ దారాలు దవడ నుంచి వెన్ను మీదుగా ఇంకో దవడ దాకా తెగకుండా వెళ్తాయి. లోపల నింపే ఇన్‌ఫిల్ శాతం పెంచడం కంటే గోడలు నాలుగో అయిదో పెట్టండి, ఇక్కడ బలం గోడల్లోనే ఉంది.

అయితే ఒక మెలిక ఉంది. బాడీ పడుకోగానే బోల్టు రంధ్రం కూడా అడ్డంగా పడుకుంది. రంధ్రం పైకప్పు ఇప్పుడు కింద ఆధారం లేని ఓవర్‌హ్యాంగ్, అదీ థ్రెడ్లతో.

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం, భయపడకండి. 0.4 నాజిల్, 0.2 లేయర్. నిలువు నుంచి 45 డిగ్రీలు వంగిన గోడలో ప్రతి లేయరూ కింది లేయర్ కంటే 0.2 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. గీత వెడల్పు 0.4 కాబట్టి సగం ఆధారం మిగిలింది, నిలబడుతుంది. అదే 60 డిగ్రీలైతే జరుగుడు 0.35, ఆధారం ఒక్క 0.05. గీత అంచు కిందకి జారుతుంది లేదా పైకి ముడుచుకుంటుంది. 0.12 లేయర్ పెడితే అదే 60 డిగ్రీల్లో జరుగుడు 0.21కి తగ్గుతుంది. అందుకే ఓవర్‌హ్యాంగ్ దగ్గర పల్చటి లేయర్లు మేలు.

గుండ్రటి రంధ్రంలో శిఖరానికి అటు 45, ఇటు 45 డిగ్రీల మేర ప్రమాదమే. మన రంధ్రం 16.4 మిల్లీమీటర్లు, అంటే సుమారు 11.6 మిల్లీమీటర్ల వెడల్పున పైకప్పు సరిగా నిలబడదు. ఉత్త రంధ్రమైతే కొంచెం గరుకుగా వచ్చినా నడిచిపోయేది. ఇక్కడ థ్రెడ్ అంచులు ఆ పైకప్పు నుంచి సన్నటి కమానుల్లా కిందకి దిగి ఉన్నాయి, ముందు జారేవి అవే. మెజర్ టూల్‌తో బోల్టు కొలిస్తే 16.0, రంధ్రం 16.4. పక్కకి 0.2 ఖాళీ. పైన థ్రెడ్ కాస్త జారితే ఆ ఖాళీ అయిపోతుంది, బోల్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది.

దీనికి సపోర్టు వద్దు. ఆ పైభాగం థ్రెడ్‌నే తీసేయండి. స్లైసర్‌లో బాడీ మీద రైట్ క్లిక్ చేస్తే నెగటివ్ వాల్యూమ్ అని ఉంటుంది, కొన్నిట్లో నెగటివ్ పార్ట్ అంటారు. అందులో ఒక బాక్స్ తీసుకోండి. అడ్డకోతలో 8.2 బై 8.2, పొడవు కింది దవడ మందం దాటేలా, అంటే 20 మిల్లీమీటర్ల దవడకి 24. దాన్ని బోల్టు అక్షం చుట్టూ 45 డిగ్రీలు తిప్పండి, మూల పైకి రావాలి. బాడీ మందం 28 కాబట్టి రంధ్రం మధ్య బిందువు బెడ్ నుంచి 14 ఎత్తులో ఉంది. బాక్స్ మధ్య బిందువుని 19.8 ఎత్తులో, సరిగ్గా రంధ్రానికి పైన పెట్టండి. ఇప్పుడు స్లైస్ చేస్తే రంధ్రం నీటి బొట్టు ఆకారంలో కనిపిస్తుంది, పైన కూసుగా. ఆ రెండు వాలు గోడలూ కచ్చితంగా 45 డిగ్రీలే, వాటంతట అవే నిలబడతాయి. బొట్టు కొస పైన ఇంకా 2.4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మిగిలి ఉంటుంది. పోయింది థ్రెడ్‌లో పావు వంతు, మిగతా ముప్పావు చక్కగా పట్టుకుంటుంది.

ఇక బోల్టు. దీన్ని మాత్రం నిలబెట్టే ప్రింట్ చేయండి, పిడి బెడ్ మీద. లేయర్లు అడ్డంగా వస్తాయి కదా, విరగదా అని అడుగుతారు. క్లాంప్‌లో లాగుడు బాడీ మీద పడుతుంది, బోల్టు మీద పడేది నొక్కుడు. నొక్కుడుకి లేయర్లు విడిపోవు. పిడికి పట్టకారు పెట్టి గట్టిగా మెలితిప్పితే మాత్రం మెడ దగ్గర తెగుతుంది, కాబట్టి చేత్తో బిగించండి, పట్టకారుతో కాదు. ఇందులో థ్రెడ్ వాలు మామూలు ఇనుప బోల్టులాగే ఉంది, అంటే కింది వైపు 60 డిగ్రీల ఓవర్‌హ్యాంగ్. ఇందాకటి లెక్క ఇక్కడ పనికొస్తుంది, బోల్టుకి 0.12 లేయర్ పెట్టండి.

బిగుతుగా ఉంటే బోల్టుని ఎక్స్, వైలలో మాత్రమే 98.5 శాతానికి తగ్గించండి. 16.0 కాస్తా 15.76 అవుతుంది, పక్కకి ఖాళీ 0.32. జెడ్‌ని ముట్టుకోకండి, ముట్టుకుంటే చుట్టుకీ చుట్టుకీ దూరం మారి అసలు ఎక్కదు. అలాగే "మా టేబుల్ పల్చన, మొత్తం 80 శాతానికి తగ్గిస్తా" అని ఎవరైనా అనుకుంటే, ఖాళీ కూడా 80 శాతమే అవుతుంది, 0.16. అది కదలదు.

మొత్తం ప్రింట్ పెట్టే ముందు స్లైసర్ కట్ టూల్‌తో బాడీలో రంధ్రం ఉన్న ముక్కని, బోల్టు కొసన 15 మిల్లీమీటర్లని వేరు చేసి అవి మాత్రం ప్రింట్ చేసి చూడండి. చేత్తో తిప్పితే చివరిదాకా వెళ్లాలి. ఒకే చోట ప్రతి చుట్టుకీ పట్టేస్తుంటే పైకప్పు జారింది, బాక్స్ సరిగా కూర్చోలేదు. అంతటా సమానంగా బిగుతుంటే ఖాళీ చాలలేదు. రెంటికీ మందు వేరు, కలిపి తగ్గించేయకండి.

బిళ్ల సంగతి రెండు ముక్కల్లో. బోల్టు కొస గుండుని పట్టుకునే వేళ్లు ఒక మిల్లీమీటరు మందం, నిలువుగా ప్రింట్ అవుతాయి. పీఎల్ఏ ప్లాస్టిక్‌లో తగిలించేటప్పుడే పుటుక్కుమంటాయి, పీఈటీజీలో వంగుతాయి. అదీ విరిగితే బిళ్ల వదిలేసి బోల్టు కొసకి రబ్బరు ముక్క అతికించండి, నష్టమేం లేదు.

బాడీకి కూడా పీఈటీజీయే నా ఓటు, రీలు ఉచితంగా వచ్చిందని కాదు. పీఎల్ఏ ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటే మెల్లగా సాగి బిగుతు వదిలేస్తుంది, ఎండ పడే కిటికీ పక్కన ఇంకా తొందరగా. పీఈటీజీ కూడా కొంత సాగుతుంది, వారం తర్వాత ఒకసారి బోల్టు బిగించుకోండి.

మార్కులంటారా? ఆకారానికి పదికి ఎనిమిది. ఆ లంబకోణం మూలని ఓ 6 మిల్లీమీటర్లు గుండ్రం చేసి ఉంటే తొమ్మిది ఇచ్చేవాడిని. పేజీకి మూడు, అదీ ప్రింట్ చేసిన జనం పెట్టిన ఫొటోలకే. "నో సపోర్ట్స్" అన్నది అబద్ధం కాదు, సగం వాక్యం. మిగతా సగం, "పక్కకి పడుకోబెట్టి, రంధ్రం పైభాగం కోసేస్తే". బాక్స్ కొలతలు స్క్రీన్ మీద ఉంచుతున్నాను, వీడియో ఆపి రాసుకోండి.