25 నిమిషాల లోపు 5 కిలోమీటర్లు: వారానికి రౌండుకో సెకను

అందరికీ నమస్కారం. 25 నిమిషాల్లో 5 కిలోమీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర రౌండ్లు, రౌండుకు సరిగ్గా 2 నిమిషాలు.

ఒకరి ఇప్పటి టైమ్ 26 నిమిషాల 40 సెకన్లు అనుకుందాం. రౌండుకు 2 నిమిషాల 8 సెకన్లు పడుతోంది. పోటీకి 10 వారాలుంది, తగ్గాల్సింది 100 సెకన్లు. వందను పదితో భాగించి వారానికి 10 సెకన్లని రాసుకుంటారు, అక్కడే లెక్క తప్పుతుంది. చివరి వారం కాళ్లను తేలికగా ఉంచాలి. మధ్యలో, అయిదో వారం కూడా పరుగు తగ్గించాలి, లేకపోతే అలసట పేరుకుపోతుంది. మిగిలేవి 8 వారాలు. అంటే వారానికి పన్నెండున్నర సెకన్లు, రౌండుకు ఒక్క సెకను. ఈ ఒక్క సెకనే గుర్తుపెట్టుకోండి.

వారంలో ఒక రోజు కిలోమీటరు చొప్పున 3 సార్లు, ఒక్కోటి 5 నిమిషాల్లో పరుగెత్తండి, మధ్యలో 3 నిమిషాలు నడవండి. వారాలు గడిచేకొద్దీ 5 సార్లకు పెంచి, నడకను 2 నిమిషాలకు తగ్గించండి. వేగం మాత్రం పెంచొద్దు. మొదటిది 4:45లో ముగించి చివరిది 5:15కు జారితే, మీరు సాధన చేసింది పోటీలో తడబడటాన్నే. మిగతా రోజులు పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తితే చాలు.

అయిదో వారం చివర 5 కిలోమీటర్ల పరీక్ష పెట్టుకోండి. లెక్క ప్రకారం 25:50 రావాలి. 26:15 వచ్చిందంటే, నాలుగు వారాల కష్టానికి తగ్గింది 25 సెకన్లే, ఇంకా 75 మిగిలి ఉన్నాయి. అదే నాలుగు వారాల్లో అంత తగ్గదు. అప్పుడు ఈ పోటీకి 26 నిమిషాల లోపు గురి పెట్టుకుని, 25ను తర్వాతి పోటీకి ఉంచుకోవడమే నా దృష్టిలో సరైన పని.

అయితే ముందు పరీక్షను అనుమానించండి. పొద్దున్నే నడిచేవాళ్లు మొదటి లేన్లో ఉన్నారని రెండో లేన్లో పరుగెత్తారా? అక్కడ రౌండు దాదాపు 7 మీటర్లు ఎక్కువ. పన్నెండున్నర రౌండ్లకు సుమారు 88 మీటర్లు, అంటే దాదాపు అర నిమిషం! మన అనంతపురం ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. పోటీ ఏడింటికైతే పరీక్షా ఏడింటికే. అయిదున్నర చల్లదనంలో వచ్చిన టైమ్‌ను నమ్ముకోవద్దు.

పోటీ ట్రాక్ మీదైతే, మొదలయ్యేది ముగింపు గీతకు ఎదురువైపు, సగం రౌండు దూరంలో. మొదటిసారి గీత దాటేటప్పుడు గడియారం 1 నిమిషం చూపాలి, తర్వాత 3, 5, 7, ఇలా బేసి నిమిషాలే. తొలిసారే 50 సెకన్లు కనిపిస్తే వెంటనే వేగం తగ్గించండి. సగం దూరం దాటాక ప్రతి రౌండుకు ఒక సెకను ముందుకు జరిగితే, చివరిసారి గీత దాటేటప్పుడు గడియారంలో 24 నిమిషాల 54 సెకన్లుంటాయి.