"ఏమీ లేదమ్మా" అన్న తర్వాత: రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉన్న పేషెంటుతో ఎలా మాట్లాడాలి

[తెరపై: ఓపీ గది. బల్ల మీద బట్టల షాపు ప్లాస్టిక్ కవర్. అందులోంచి రిపోర్టులు ఒక్కొక్కటిగా బయటికి తీస్తున్న చేతులు.]

నమస్కారం. అనంతపురంలో జనరల్ మెడిసిన్ ఓపీ చూస్తాను. ఈ వీడియో తోటి డాక్టర్ల కోసం, ముఖ్యంగా పీహెచ్‌సీల్లో పనిచేసేవాళ్ల కోసం. ఇలాంటి కవర్ మీ బల్ల మీదికీ వచ్చే ఉంటుంది.

ఇది కదిరి వైపు నుంచి వచ్చిన ఒకామెది. గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెప్తున్నాను. వయసు 43, చెనిక్కాయ సేద్యం. రెండేళ్లుగా ఎడమ రొమ్ము కింద పోటు, గుండె దడ, చేతులకు తిమ్మిర్లు. కవర్‌లో నాలుగు ఈసీజీలు, రెండు ఎకోలు, ఒక ట్రెడ్‌మిల్ టెస్టు, ఎండోస్కోపీ, థైరాయిడ్ రిపోర్టు. మొదటి ఈసీజీ కాగితం మీద గీతలు వెలిసిపోయి తెల్లగా అయిపోయింది. అది చెరిగిపోతుందని ఎవరో చెబితే ముందే జిరాక్స్ తీయించి, రెండూ కలిపి పిన్ను కొట్టి పెట్టుకుంది. ఆ పిన్ను చూస్తే చాలు, ఎంత భయంతో బతుకుతోందో అర్థమవుతుంది.

ఇలాంటి ఒకామెకు పీజీ రోజుల్లో నేను చెప్పిన మాట: "ఏమీ లేదమ్మా, అంతా టెన్షన్." ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నయమై రాలేదనుకున్నాను. ఆ తర్వాత ఇంకో ఆసుపత్రిలో మళ్లీ మొదటి టెస్టు నుంచి మొదలుపెట్టిందని తెలిసింది. నేను చెప్పింది ఆమె చెవికి "నువ్వు అబద్ధం చెప్తున్నావు" అనే వినిపించింది.

[తెరపై: వక్త ముఖం దగ్గరగా.]

ముందు రోగం గురించి ఒక్క మాట. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 దీన్ని సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ అంటుంది. కారణం దొరకలేదు కాబట్టి ఈ రోగం అని ఇందులో లేదు. బాధ నిజంగా ఉండాలి. దాని గురించిన ఆలోచన, భయం, దానికి పోయే సమయం, వీటిలో ఒక్కటైనా శ్రుతి మించాలి. సాధారణంగా ఆరు నెలలు దాటి ఉండాలి. నిజమైన గుండె జబ్బు ఉన్నవాళ్లకూ ఇది ఉండొచ్చు. అందుకే "టెస్టులన్నీ నార్మల్, కాబట్టి ఇది మనసుది" అనే లెక్క తప్పు. పేషెంటు అలవాట్లు అడిగి తెలుసుకోవాలి.

ఈమెను అడిగాను: "నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తారమ్మా?" రాత్రి నాడి పట్టుకుని చూసుకుంటుందట, ఇరవై సార్లు. చేనికి పోవడం మానేసింది. మాట్లాడుతున్నంతసేపూ రెండు వేళ్లతో అదే పక్కటెముకను నొక్కుకుంటూనే ఉంది. నేను నొక్కి చూస్తే అక్కడే నొప్పి. ఎప్పుడు మొదలైందంటే, మరిది గుండెపోటుతో పోయిన నెలలోనట. ఇవి బయటికి రాకుండా వివరణ మొదలుపెట్టొద్దు. మన వివరణకు సరుకు ఆమె మాటల్లోనే ఉంది.

ఇప్పుడు ఆమెతో జరిగిన సంభాషణ.

[తెరపై: డాక్టర్, పేషెంటు, పక్కన ఆమె భర్త. ముగ్గురూ కూర్చుని ఉన్నారు.]

డాక్టర్: అమ్మా, మీ కాగితాలన్నీ చూసినాను. మీ నొప్పి నిజం. గుండె జబ్బు మాత్రం కాదు. ఎందుకు వస్తోందో చెప్తాను, వింటారా?

పేషెంటు: చెప్పండి సార్. ఏం లేదని అందురూ అంటాండారు. మరి నొప్పి యాడినుంచి వస్తాది?

డాక్టర్: మీ చేనికి అడవిపందులు వస్తాయా?

పేషెంటు: వస్తాయి సార్. పోయినేడు సగం చేను తొక్కినాయి.

డాక్టర్: పందులు పడిన తర్వాత మీ ఆయన మంచె మీద ఎట్లా పడుకుంటాడు?

భర్త: నిద్ర యాడుంటాది సార్. ఆకు కదిలినా లేస్తా.

డాక్టర్: ఆకు చప్పుడు నిజమే కదా? మీ చెవులు బాగానే ఉన్నాయి కదా? కానీ ముందు వినబడని చప్పుళ్లన్నీ ఇప్పుడు వినబడతాయి. అమ్మా, మీ మరిది పోయినప్పటి నుంచి మీ ఒళ్లు అట్లా కావలి కాస్తా ఉంది. గుండె కొట్టుకునేది, కండరం పట్టేసేది అందరికీ ఉంటాయి. మామూలుగా మెదడు వాటిని పట్టించుకోదు. మీ మెదడు ఒక్కటీ వదలడం లేదు. కాలి చెప్పు పట్టీ ఎక్కడ తగులుతోందో ఇప్పుడు చూసుకోండి.

[పేషెంటు కిందికి చూస్తుంది.]

డాక్టర్: ఇంతసేపూ తెలియలేదు కదా? చూడమనగానే తెలిసింది. రోజుకు ఇరవై సార్లు నాడి చూసుకుంటే గుండె కూడా అంతే. భయం వేసినప్పుడు ఊపిరి గబగబా తీసుకుంటాం, దాంతో చేతులకు తిమ్మిర్లు వస్తాయి. ఎముకను నొక్కే కొద్దీ అక్కడ నొప్పి పెరుగుతుంది.

పేషెంటు: అంటే నాదంతా మనసులోదే అంటారా సార్?

[దృశ్యం ఇక్కడ ఆగుతుంది. వక్త మళ్లీ తెరపైకి.]

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. చాలామందిమి ఇక్కడే తడబడతాం. "కాదు కాదు, కావాలంటే ఇంకొక ఎకో తీద్దాం" అంటాం. ఆ ఎకో ఆమెకు కొన్ని రోజుల ధైర్యం ఇస్తుంది. "డాక్టర్‌కు కూడా అనుమానం ఉంది" అనే నమ్మకం అంతకంటే ఎక్కువ కాలం ఉండిపోతుంది. నేను చెప్పిన జవాబు ఇది:

డాక్టర్: నొప్పి ఒంట్లోనే ఉందమ్మా, మీరు కల్పించింది కాదు. కావలి మెదడుది. ఆ కావలిని మెల్లగా తగ్గించొచ్చు. నేను చెప్పింది మీ ఆయనకు మీ మాటల్లో చెప్పండి.

ఈ చివరి వాక్యం వదిలేయొద్దు. తల ఊపితే అర్థమైందని కాదు. ఆమె మొదటిసారి "గుండె వీక్ అంట" అని చెప్పింది. మళ్లీ మంచె దగ్గర నుంచి మొదలుపెట్టాను. రెండోసారి "గుండె బాగుందంట, కావలి ఎక్కువైందంట" అంది. అప్పుడు ముందుకు కదిలాం.

ముందుకంటే ఏం చేశామో చెప్తాను. నాలుగు వారాల తర్వాతి తేదీ ఆ కవర్ మీదే పెన్నుతో రాసిచ్చాను. నొప్పి ఉన్నా, లేకున్నా ఆ రోజు రావాలి. నొప్పి వస్తేనే డాక్టర్ దొరికేటట్టయితే, డాక్టర్ కావాలంటే నొప్పి రావాల్సిందేనని ఒళ్లు నేర్చుకుంటుంది. వచ్చిన ప్రతిసారీ గుండెకు స్టెతస్కోప్ పెట్టి, నొప్పి చోట చేయి వేసి చూస్తాను. కొత్త లక్షణం కనబడితే తప్ప టెస్టు రాయను. నాడి చూసుకోవడం మొదటి వారం ఇరవై నుంచి పదికి తగ్గించాలి. రోజూ పదిహేను నిమిషాలు చేనిగట్టు మీద నడవాలి.

ఆగకుండా రావాల్సిన సందర్భాలు కూడా చెప్పాను: నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గే నొప్పి, చెమటలతో వచ్చే నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం. ఇవి చెప్పకపోతే మన మీద నమ్మకం నిలవదు. నిజంగా గుండె జబ్బు వచ్చిన రోజు మనమే దాన్ని పట్టుకోలేకపోతాం కూడా.

సైకియాట్రిస్టు మాట మొదటి రోజు ఎత్తలేదు. రెండోసారి వచ్చినప్పుడు "కావలి తగ్గించే పని బాగా తెలిసిన డాక్టర్ ఉన్నారు, నేనూ చూస్తూనే ఉంటాను" అన్నాను. ఆ చివరి ముక్క లేకుండా పంపితే వదిలించుకున్నట్టే. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేసేవాళ్లు అందుబాటులో ఉంటే అది మేలు చేస్తుంది. ఆందోళన, డిప్రెషన్ కలిసి ఉంటే వాటికి మందు కూడా. మందు తక్కువ డోసులో మొదలుపెట్టి, మొదట్లో ఒంట్లో ఏం తేడా అనిపిస్తుందో ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ తేడానే కొత్త రోగం అవుతుంది.

[తెరపై: అదే కవర్. మీద పెన్నుతో రాసిన నాలుగు తేదీలు. మూడింటికి టిక్కు పడింది.]

మూడోసారి వచ్చినప్పుడు నొప్పి పోయిందా అని అడగలేదు. చేనికి పోతున్నారా అని అడిగాను. "పోతాండా సార్. మొన్న కలుపు తీస్తాంటే పోటు వచ్చింది. కాసేపు గట్టు మీద కూర్చొని, మళ్లీ కలుపు తీసినా" అంది. రెండు వేళ్లూ ఆ పక్కటెముక మీద లేవు, కవర్ మీద ఉన్నాయి.