డయల్ డంబెల్స్ రివ్యూ: డ్రాప్ సెట్ కోసం అయితే కొనకండి, మయో రెప్స్ కోసం అయితే కొనండి

నమస్తే అండి. ఈ వెనక కనిపిస్తున్న, డయల్ తిప్పి బరువు మార్చుకునే డంబెల్స్ జత నాకు ఫ్రీగా వచ్చింది. కంపెనీ వాళ్ళు పంపారు, ఆరు వారాలు వాడి వీడియో చేయమన్నారు. ఏం చెప్పాలో మాత్రం వాళ్ళు చెప్పలేదు, ఈ వీడియో వాళ్ళకు ముందుగా చూపించలేదు కూడా. ఎన్ని కేజీల నుంచి ఎన్ని కేజీల దాకా మారుతుంది, వారంటీ ఎంత, అవన్నీ మీరు ఇప్పటికే చూసే ఉంటారు. నేను వాటి జోలికి పోను. నాకు కావలసింది ఒక్కటే. రోజుకు అరగంటలో వర్కౌట్ అయిపోవాలి, మర్నాడు ఒళ్ళు హూనం కాకూడదు. అందుకు ఇవి పనికొస్తాయా?

నా పరిస్థితి ముందు చెప్తాను. ఆఫీసు గచ్చిబౌలిలో, ఇల్లు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఎనిమిది. ఆ టైంకి మా జిమ్‌లో కేబుల్ మెషిన్ దగ్గర ముగ్గురు నిలబడి ఉంటారు. ఒక్కో సెట్‌కి రెండు నిమిషాలు రెస్ట్ తీసుకుంటూ కూర్చుంటే పది దాటుతుంది. అందుకే కొంతకాలంగా డ్రాప్ సెట్లు, కొద్ది సెకన్లు ఆగి మళ్ళీ కొనసాగించే రెస్ట్ పాజ్, మయో రెప్స్ లాంటి టైం మిగిల్చే పద్ధతులు పట్టుకున్నాను. ఈ డంబెల్స్ వస్తున్నాయని తెలిసినప్పుడు నేను మొట్టమొదట ఆలోచించింది డ్రాప్ సెట్ గురించే. ఒకే డంబెల్‌లో అన్ని బరువులూ ఉన్నాయి కదా, అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

అక్కడే దెబ్బ తిన్నాను. దాని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఏమనుకోకండి.

డ్రాప్ సెట్ అంటే ఒక బరువుతో ఇంక లేపలేని స్థితి దాకా వెళ్ళి, వెంటనే ఇరవై, ముప్పై శాతం తగ్గించి మళ్ళీ కొనసాగించడం. ఇందులో ప్రాణమంతా ఆ 'వెంటనే' అన్న మాటలో ఉంది. జిమ్‌లో కేబుల్ పుష్‌డౌన్ చేస్తుంటే పిన్ తీసి పై రంధ్రంలో పెడతాం, మూడు సెకన్ల పని. ఇక్కడ చూడండి. చేతులు పక్కలకు లేపే లాటరల్ రైజ్ 9 కేజీలతో అయిపోయింది, ఇప్పుడు 6.5కి దిగాలి. రెండు డంబెల్స్‌నీ ట్రేలో సరిగ్గా కూర్చోబెట్టాలి. ఒక్కోదానికి రెండు వైపులా డయల్స్, అంటే మొత్తం నాలుగు తిప్పాలి. టక్ అని శబ్దం వచ్చేదాకా తిప్పాలి. ఏ ఒక్కటి కాస్త పక్కకు ఉన్నా డంబెల్ పైకి రాదు. ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను, తాజాగా ఉన్నప్పుడు 14 సెకన్లు. ఫెయిల్యూర్ దాకా చేసి చేతులు వణుకుతున్నప్పుడు 20 దాటింది. ఇరవై సెకన్లు ఆగితే అది డ్రాప్ సెట్ కాదు, బరువు తగ్గించిన రెస్ట్ పాజ్ అవుతుంది. కండకు నష్టం లేదు కానీ మనం మిగుల్చుకుందామనుకున్న టైం డయల్స్ తిప్పడానికే పోతుంది.

ఇంకో చిరాకు, దీనికి నిజంగా కోపం వచ్చింది. ఇవి కింద పడేయకూడదు. లోపల ప్లేట్లను పట్టుకునే భాగాలు సున్నితం, మాన్యువల్‌లోనే రాసి ఉంది. డ్రాప్ సెట్ చివర్లో మనిషికి మిగిలేది బరువుని వదిలేసే ఓపిక మాత్రమే. అలాంటప్పుడు దీన్ని నెమ్మదిగా, గురి చూసి ట్రేలో దింపాలట. పైగా మాది మూడో అంతస్తు, కింది ఫ్లాట్ ఆంటీకి చప్పుడు వినపడితే మర్నాడు లిఫ్ట్ దగ్గర అడుగుతారు. నా పాత ఇనప డంబెల్స్ మూడు జతలు, పరుపు మీద పడేసినా వాటికి ఏమీ అయ్యేది కాదు. డ్రాప్ సెట్‌కి ఆ మూడు జతలే నయం.

సరే, బరువు మార్చడమే సమస్య అయితే మార్చక్కర్లేని పద్ధతి ఏది? అక్కడ మయో రెప్స్ దగ్గరికి వచ్చాను. బోర్గె ఫాగర్లీ అని ఒక నార్వే కోచ్ దీన్ని ఒక పద్ధతిగా పెట్టాడు. ఆలోచన ఇది. మామూలు సెట్‌లో మొదటి పది రెప్స్ తేలిగ్గా పోతాయి, అప్పుడు కండలోని పోగులన్నీ పని చేయవు. చివరి నాలుగైదు రెప్స్‌లో, బరువు నెమ్మదిగా కదులుతున్నప్పుడే అన్నీ పనిలోకి దిగుతాయి. ఒకసారి అక్కడిదాకా వెళ్ళాక రెండు మూడు నిమిషాలు కూర్చుంటే మళ్ళీ మొదటి నుంచి ఎక్కాలి. అందుకే ఎక్కువ ఆగకుండా, కొద్ది ఊపిరి తీసుకుని, ఆ కష్టమైన రెప్స్ మాత్రమే మళ్ళీ మళ్ళీ చేస్తాం.

నిన్నటి సెట్ చెప్తాను, నోట్‌బుక్‌లోంచి చదువుతున్నాను. లాటరల్ రైజ్, 8 కేజీలు. మొదటి సెట్ 16 రెప్స్, ఇంకొక్కటి వస్తుందేమో అన్నచోట ఆపాను. దీన్ని యాక్టివేషన్ సెట్ అంటారు. డంబెల్స్‌ని తొడల మీద ఆనించి ఐదు నిండు శ్వాసలు, సుమారు పదిహేను సెకన్లు. మళ్ళీ 4 రెప్స్. ఐదు శ్వాసలు, 4. ఐదు శ్వాసలు, 4. ఐదు శ్వాసలు, ఈసారి 3 దగ్గర ఆగిపోయింది. అంతే, ముగించాను. మొదటి చిన్న సెట్‌లో వచ్చినన్ని రాకపోతే అదే ఆపాల్సిన గుర్తు. ఇంకోటి చేద్దాం అనిపిస్తుంది, వద్దు. మొత్తం రెండున్నర నిమిషాలు పట్టింది. అదే నేను 16, 13, 11 అని మూడు మామూలు సెట్లు, మధ్యలో రెండేసి నిమిషాల రెస్ట్‌తో చేస్తే ఆరు నిమిషాల పైమాటే. రెప్స్ లెక్క చూస్తే మయోలో తక్కువే, 31 మాత్రమే. కానీ అందులో కష్టమైనవే ఎక్కువ. డయల్ ఒక్కసారి కూడా తిప్పలేదు.

తప్పు చేస్తున్నామో లేదో అంకెలే చెప్తాయి. మొదటి సెట్‌లో పది కూడా రాకపోతే బరువు ఎక్కువ. చిన్న సెట్లలో ఏడు, ఎనిమిది వస్తున్నాయంటే మొదటి సెట్‌ని మరీ ముందే ఆపేశారు, ఇంకా కష్టం మొదలవలేదు. ఐదు చిన్న సెట్లు అయినా అంకె పడిపోలేదంటే కూడా అదే కారణం.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు. రెండో వారంలో బాగా ఉత్సాహం వచ్చింది. టైం మిగులుతోంది కదా అని ఒక్కో ఎక్సర్‌సైజ్‌కి మూడేసి మయో సెట్లు, అన్నిటికీ. తుంటి దగ్గర ముందుకు వంగి లేచే డంబెల్ రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌కి కూడా. ఒక మయో సెట్ నా లెక్కలో మూడు మామూలు సెట్లకు దగ్గర. అంటే నేను భుజానికి మూడు సెట్లు అనుకుంటూ తొమ్మిది చేస్తున్నాను. నోట్‌బుక్ చూడండి. 8 కేజీల లాటరల్ రైజ్, యాక్టివేషన్ సెట్‌లో సోమవారం 16. గురువారం 15. తర్వాతి సోమవారం 13. ఆ గురువారం 12. అదే బరువు, అదే మనిషి. ఆ వారం చివర్లో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ ఎత్తుతుంటే మోచేయి లోపల జివ్వుమంది. అమ్మ నా చేతిలోంచి క్యాన్ లాక్కుని, "ఏం చేసుకుంటున్నావురా ఒంటిని?" అని అడిగింది.

డెడ్‌లిఫ్ట్‌తో ఇంకో గొడవ. చిన్న సెట్ల దగ్గరికి వచ్చేసరికి తొడ వెనక కండ కన్నా ముందు ఊపిరి, పట్టు, నడుము అలిసిపోయాయి. అద్దంలో చూసుకుంటే నడుము వంగుతోంది. పదిహేను సెకన్లలో ఊపిరి తిరిగి రాని ఎక్సర్‌సైజ్‌కి ఇది పనికిరాదు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బరువైన రోయింగ్, వీటికి మామూలు సెట్లు, మూడు నిమిషాల రెస్ట్. అక్కడ టైం మిగుల్చుకోవాలని చూడను.

ఒక వారం అంతా సగానికి తగ్గించాను. మామూలు సెట్లే, ఇంకా మూడు రెప్స్ మిగిలి ఉండగానే ఆపడం. తర్వాతి సోమవారం 15 వచ్చాయి, ఆ పై వారం 17. అప్పటి నుంచి నా పద్ధతి ఇదీ: ఒక్కో కండకు, ఒక రోజులో, ఒక్కటే మయో సెట్, అదీ చివరి ఎక్సర్‌సైజ్‌లో. ఆ సెట్ మామూలు మూడు సెట్ల బదులుగా చేస్తాను, వాటి మీద అదనంగా కాదు. యాక్టివేషన్ సెట్ అంకె వరుసగా రెండుసార్లు తగ్గితే ఆ వారం మయో బంద్. ఒక్కసారి తగ్గితే పట్టించుకోను, నిద్ర సరిగా లేకపోయినా తగ్గుతుంది.

రెస్ట్ పాజ్ గురించి కూడా రెండు ముక్కలు. నేల మీద పడుకుని చేసే డంబెల్ ప్రెస్‌లో దీన్ని వాడాను. 20 కేజీల చొప్పున 10 రెప్స్, ఇరవై సెకన్లు ఆగి 4, మళ్ళీ ఇరవై సెకన్లు ఆగి 3. మయో కన్నా బరువు ఎక్కువ, ప్రతిసారీ దాదాపు చివరిదాకా వెళ్తాం, కాబట్టి అలసట కూడా ఎక్కువ. నేల మీద మోచేతులు ఆనించి ఆగవచ్చు కాబట్టి ఈ డంబెల్స్‌కి నప్పింది. బెంచ్ మీద చేయొద్దు, ఆఖరి రెప్ దగ్గర ఇవి పక్కకు వదిలేయలేం.

2021లో స్పోర్ట్స్ మెడిసిన్ అనే జర్నల్‌లో టైం లేనివాళ్ళ ట్రైనింగ్ మీద ఒక సమీక్ష వచ్చింది. డ్రాప్ సెట్లు, రెస్ట్ పాజ్, రెండు ఎక్సర్‌సైజ్‌లు ఆగకుండా వరసగా చేసే సూపర్ సెట్ల లాంటివి టైంని దాదాపు సగానికి తగ్గిస్తాయని అందులో రాశారు. నా ఇంట్లో కూడా అలాగే తేలింది. భుజం, బైసెప్స్, ట్రైసెప్స్ కలిపి ముందు ఇరవై నిమిషాలు పట్టేది, ఇప్పుడు తొమ్మిది.

మరి కొనాలా? డ్రాప్ సెట్లు మీ ప్రాణం అయితే ఇవి వద్దు. జిమ్‌లో పిన్ మెషిన్ దగ్గర చేసుకోండి, లేదా ఇనప డంబెల్స్ రెండు మూడు జతలు తీసుకోండి. నాలా ఇంట్లో, చిన్న గదిలో, ఒక బరువు పెట్టుకుని మయో చేసేవాళ్ళయితే తీసుకోండి, నేను ఉంచుకుంటున్నాను. కంపెనీ వాళ్ళు ఇది చూస్తుంటే ఒక్క మాట: ఆ నాలుగు డయల్స్ తీసేసి, పిడి తిప్పితే రెండు వైపులా మారేలా చేయండి. అలాంటివి మార్కెట్లో ఉన్నాయి. చేస్తే చెప్పండి, నా డబ్బుతో కొని మళ్ళీ వీడియో చేస్తాను.

లాటరల్ రైజ్ సెట్ మొత్తం కట్ చేయకుండా చివర్లో పెడుతున్నాను. ఎన్ని శ్వాసలు తీసుకున్నానో లెక్కపెట్టండి.