నాన్నగారి సంవత్సరీకం: ఎవరికి ఏ పనో బంధువులకు ఎలా రాయాలి?

[తెర మీద: ఫోన్‌లో ఫ్యామిలీ గ్రూపు. ఒక మెసేజ్ కనిపిస్తుంది: "నాన్నగారి సంవత్సరీకం జూలైలో. అందరూ తప్పకుండా రావాలి. తలా ఒక చెయ్యి వెయ్యండి."]

నమస్కారమండీ. ఇలాంటి మెసేజ్ కింద వరసగా దణ్ణాల బొమ్మలు వచ్చిపడతాయి. పని మాత్రం ఒక్కటీ కదలదు. తీరా ఆ రోజు నెయ్యి మూడిళ్ల నుంచి వస్తుంది, దర్భలు ఎవరూ తేరు. ఈ వీడియోలో ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుని, పెద్దకొడుకు ఆ మెసేజ్ ఎలా రాస్తే పనులు జరుగుతాయో చూద్దాం.

ఇల్లు కాకినాడలో. అమ్మగారు అక్కడే ఉంటారు. పెద్దకొడుకు హైదరాబాద్‌లో, తమ్ముడు బెంగళూరులో, చెల్లెలు విజయవాడలో. బాబాయి, పిన్ని పక్క వీధిలోనే. నాన్నగారు పోయింది 2025 జూలై 10న, ఆషాఢ పౌర్ణమి నాడు.

[తెర మీద: రెండు క్యాలెండర్ పేజీలు. 10 జూలై 2025, 29 జూలై 2026]

ముందుగా తేదీ. బంధువుల్లో సగం మంది జూలై 10నే గుర్తుపెట్టుకుని ఉంటారు. 2026లో అది శుక్రవారం కూడా, కాబట్టి టికెట్లు కూడా కొనేసే ప్రమాదం ఉంది. మనం చూసేది తిథిని కదా. మామూలు ఏడాదైతే తిథి పది పదకొండు రోజులు ముందే వస్తుంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి, ఆలస్యమై జూలై 29, బుధవారం పడింది. ఆ అధిక మాసానికి ఒక మాసికం, అంటే నెలనెలా పెట్టే శ్రాద్ధం, కూడా ఎక్కువవుతుంది. అందుకే మెసేజ్‌లో మొదటి వాక్యం ఇలా ఉండాలి:

[తెర మీద: "అందరికీ నమస్కారం. నాన్నగారి తిథి ఈ ఏడాది జూలై 29, బుధవారం. జూలై 10 కాదు. మన బ్రహ్మగారు ఖాయం చేశారు. 27న ఊనాబ్దికం, 28న విమోకం, 29న ఆబ్దికం. మూడు రోజులూ ఉండలేనివాళ్లు 29కి వస్తే చాలు."]

"కాదు" అన్న మాట మొహమాటపడకుండా రాయండి. ఆబ్దికమంటే తిథి నాటి అసలు శ్రాద్ధం, మిగతా రెండూ దానికి ముందు జరిగే కర్మలు. ఈ మూడు రోజుల వరస అన్ని ఇళ్లలో ఒకేలా ఉండదు, కొందరు రెండు రోజుల్లో ముగిస్తారు. మీ పురోహితుడు చెప్పిందే రాయండి. చివరి వాక్యం మాత్రం ఎవరింట్లోనైనా పనికొస్తుంది. వారం మధ్యలో మూడు రోజులు సెలవు దొరక్క, చెప్పలేక, అసలు రావడమే మానేసేవాళ్లు ఉంటారు.

ఇక పనులు. ఇక్కడ చాలామంది "వంట: ఆడవాళ్లందరూ" అని రాసి ఊరుకుంటారు. ఆబ్దికం వంట అలా జరగదు. మడి కట్టుకునేవాళ్లు ఇద్దరో ముగ్గురో, అంతే. మిగతావాళ్లు వంటింటి గడప దాటకూడదు. కాబట్టి మడిలోపల ఎవరు, బయట ఎవరు అన్నదే అసలు పంపకం.

[తెర మీద: "పిన్నీ, మడివంట మీరూ మా ఆవిడా చూడాలి. గారెల పప్పు 29 పొద్దున్న మడిలోనే రుబ్బాలి, పాతికమందికి కిలోన్నర. గ్రైండరు ముందురోజే కడిగించి పెడతాను. కూరగాయలు బాబాయి 28 సాయంత్రం తెస్తారు: అరటికాయ, కంద, చామ, కాకర. ఉల్లి, వెల్లుల్లి, టమాటా, క్యాబేజీ ఇంట్లోకే రాకూడదు. పచ్చిమిర్చి బదులు మిరియాలు, అల్లం."]

గమనించారా, పనితో పాటు సమయం, కొలత, దానికి ముందు జరగాల్సిన పని కూడా ఉన్నాయి. పప్పు నానడానికి కనీసం నాలుగు గంటలు పడుతుంది. నానబెట్టడం ఎవరి పనో కూడా మెసేజ్‌లో చేర్చండి, అది తేలకపోతే ఉదయం ఏడింటికి గ్రైండర్ ముందు పొడిపప్పుతో నిలబడతారు. కూరగాయల్లో ఏది పనికొస్తుందో ఏది రాదో ఇంటింటికీ మారుతుంది, కాబట్టి సంచి పట్టుకెళ్లే మనిషికి పేర్లు రాసివ్వడమే మేలు. మంచి మనసుతో ఎవరో క్యారెట్లు పట్టుకొస్తారు, అక్కడ మొదలవుతుంది టెన్షన్.

మడిబట్టల సంగతి ఎవరూ రాయరు. ముందురోజు రాత్రి తడిపి, ఎవరూ తాకని చోట ఆరేస్తేనే పొద్దుటికి మడి. జూలై చివర కాకినాడలో ఏ రాత్రైనా వాన పడొచ్చు. డాబా మీద ఆరేసినవి పొద్దున నీళ్లు కారుతుంటాయి. అందుకని:

[తెర మీద: "చెల్లీ, 28 రాత్రి మడిబట్టలు పైగదిలో దండెం మీద ఆరెయ్యి, ఫ్యాను వేసి తలుపు దగ్గరగా వెయ్యి. పిల్లలు అటు వెళ్లకుండా నువ్వే చూసుకో. అవి ఆరకపోతే పట్టుబట్టలు కడతాం, బీరువాలోంచి ముందే తీసిపెట్టు."]

తర్వాత భోక్తలు, అంటే పితృదేవతల పేరున భోజనానికి కూర్చునే బ్రాహ్మణులు. వీళ్ల దగ్గర తేడా వస్తే ఆ రోజంతా ఆగిపోతుంది. విశ్వేదేవ స్థానానికి ఒకరు, పితృస్థానానికి ఒకరు, కొన్ని ఇళ్లలో విష్ణుస్థానానికి ఇంకొకరు. వాళ్లకీ ముందురోజు నుంచి నియమం ఉంటుంది, అప్పటికప్పుడు ఇంకొకరిని పిలిచి కూర్చోబెట్టలేం. "బ్రహ్మగారు చూసుకుంటారులే" అని వదిలేయకుండా ఒక మనిషిని పెట్టాలి.

[తెర మీద: "బావగారూ, భోక్తల సంగతి మీరు చూడాలి. 27న ఒకసారి, 28 సాయంత్రం ఇంకోసారి ఫోన్ చేయండి. 29న పదకొండింటికి కారులో మీరే తీసుకురండి. దక్షిణ, పంచెలు తమ్ముడి దగ్గరుంటాయి."]

బావగారికి పని చెప్పడమేంటని కొందరు వెనకాడతారు. అల్లుణ్ని అతిథిలా కుర్చీలో కూర్చోబెడితే ఆయనకే తోచదు. గౌరవంగా, ముందుగా ఆయనకే ఫోన్ చేసి అడిగి, ఒప్పుకున్నాక గ్రూపులో రాయండి. పెద్దవాళ్లందరి విషయంలోనూ ఇంతే. గ్రూపులో చూసి మొదటిసారి తెలుసుకుంటే నొచ్చుకుంటారు.

[తెర మీద: గడియారం, ఒంటిగంటన్నర]

భోజనం వేళ కూడా రాయాలి. తిథి అపరాహ్ణంలో ఉండాలి కదా. పగటిని అయిదు భాగాలు చేస్తే అందులో నాలుగోది అపరాహ్ణం. ఆ రోజు కాకినాడలో అది సుమారు ఒంటిగంటన్నర నుంచి నాలుగింటి వరకు. భోక్తలు తిని, పిండప్రదానం అయ్యాక మనకు విస్తళ్లు వేసేసరికి మూడు దాటుతుంది. షుగర్ ఉన్న పెద్దమామయ్యనీ, చిన్నపిల్లల్నీ అంతదాకా ఆపకూడదు.

[తెర మీద: "మన భోజనం మూడు తర్వాతే. పిల్లలకీ, మందులు వేసుకునేవాళ్లకీ పిన్నివాళ్లింట్లో తొమ్మిదికి ఉప్మా. అక్కడ వడ్డన తమ్ముడి భార్యది. దయచేసి టిఫిను మా ఇంట్లోకి తేకండి."]

డబ్బు మాట గ్రూపులో ఎత్తకండి. దానాలకీ, సంభావనలకీ ఎంతవుతుందో అన్నదమ్ములిద్దరూ ఫోన్‌లో తేల్చుకోవాలి. అన్నదమ్ములు వేరుపడి ఉంటే కర్మ ఎవరు, ఎలా చేయాలన్నది కూడా బ్రహ్మగారిని ముందే అడగాలి. ఆ సమాధానాన్ని బట్టి సామాను పట్టీ మారుతుంది.

ఇంతకీ అమ్మగారి పేరు ఈ పంపకంలో ఎక్కడా రాలేదు, చూశారా? ఆవిడకు పని పెట్టకూడదని కొడుకు అనుకుంటాడు. ఆవిడేమో నాన్నగారికిష్టమైన పరమాన్నం తనే వండాలనుకుంటూ ఉండొచ్చు. గ్రూపులో పెట్టేముందు మెసేజ్ మొత్తం ఆవిడకు చదివి వినిపించండి. ఆవిడ మార్చమన్నది మార్చి, అప్పుడు పంపండి.

చివరగా 30వ తేదీ. అద్దె గిన్నెలు తిరిగివ్వడం, మిగిలిన సరుకు సర్దడం, అందరూ రైలెక్కాక అమ్మగారి దగ్గర ఎవరుంటారన్నది. ఇవి రాయకపోతే అన్నీ పక్క వీధి పిన్ని నెత్తిన పడతాయి.

[తెర మీద: "30న గిన్నెలు తమ్ముడు అప్పజెబుతాడు. చెల్లి ఆగస్టు 2 దాకా అమ్మ దగ్గరుంటుంది, ఆ తర్వాత పదిరోజులు నేనుంటాను. మీ పని కుదరదనుకుంటే 20వ తేదీ లోపు నాకు ఫోన్ చేయండి, వేరేవాళ్లను అడుగుతాను."]